బ్లాక్ చెయ్యండి, అంతే

జెచన్ ఊరి కింది బజారు వ్యాపారుల సంఘానికి కార్యదర్శి కావాలని తక్ మీరన్ ఏనాడూ కోరుకోలేదు. ఆమెది వండిన కూరలమ్మే కొట్టు. తామరదుంపల తీపి కూర, చిన్న ఎండుచేపల వేపుడు, ఆకుల ఊరగాయ, అదీ ఆమె లోకం. ఆరేళ్ళ కిందట సంఘం విందులో చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఎందుకని అడిగితే, నిన్ను ఎన్నుకున్నాం అన్నారు.

అప్పటినుంచీ నలభై మూడు మంది ఉన్న ఫోను గ్రూపు ఆమె నెత్తిన పడింది. కాలువ పూడిక తీసేదెప్పుడు, కరెంటు పోయేదెప్పుడు, అన్నీ ఆమే రాయాలి. ఆ గ్రూపులో ఎవరేం రాసినా పక్కన పసుపుపచ్చగా చిన్న అంకె కనబడుతుంది. ఇంకా ఎంతమంది చదవలేదో ఆ అంకె చెబుతుంది. ఒక్కొక్కరూ తెరిచి చూసేకొద్దీ నలభై రెండు, ముప్ఫై, పదకొండు అని తగ్గిపోతూ, అందరూ చూశాక మాయమవుతుంది. పొద్దున్నే ఎవరైనా గులాబీ బొమ్మ మీద 'నేడు శుభదినం' అని పెడితే ఆ అంకె పావుగంటలో కరిగిపోయేది. మీరన్ పెట్టిన హెచ్చరిక పక్కన మాత్రం ఇరవై ఆరు అలాగే కూర్చుని మూడు రోజులు ఆమెను వెక్కిరించేది.

ఆ శరదృతువులో ఊళ్ళో దొంగ సంతాప పత్రాలు మొదలయ్యాయి. తెలిసినవాళ్ళ నంబరు నుంచే మెసేజి వస్తుంది: మా నాన్నగారు కాలం చేశారు, వివరాలకు ఇక్కడ నొక్కండి అని. నొక్కితే పత్రం చూడటానికి ఒక యాప్ దించుకోమంటుంది. దించుకున్నారో, ఫోను వాళ్ళది కాకుండా పోతుంది. అందులో ఉన్న నంబర్లన్నిటికీ, వాళ్ళ పేరుమీదే, అదే చావు కబురు వెళ్తుంది.

మీరన్ పోలీసువాళ్ళ కాగితం చూసి పద్ధతిగా రాసింది. గౌరవనీయులైన సభ్యులకు అని మొదలుపెట్టి, ఎలా వస్తుందో, ఎలా పోతుందో, నొక్కితే ఏ నంబరుకు చేయాలో, అన్నీ పద్నాలుగు వరుసల్లో. చివర ముఖ్యమైన మాట: 'ఎవరి నుంచి వచ్చినా ముందు వాళ్ళకి ఫోన్ చేసి, గొంతు విని, నిజమో కాదో అడగండి. ఈ రోజుల్లో గొంతు కూడా దొంగిలిస్తున్నారట, అందుకే మీరే చేయండి, వాళ్ళు చేసింది నమ్మకండి.' నలుగురు నమస్కారం బొమ్మలు పెట్టారు. అందులో ఇద్దరు చదవలేదని మీరన్ ఒట్టేసి చెప్పగలదు.

చదివినా ఏం లాభం? పెళ్ళికి పిలిస్తేనే వెళ్ళాలి, చావుకి పిలవకపోయినా వెళ్ళాలి అన్న మనుషులు వాళ్ళు. బజారులో ఎవరి పెళ్ళికో వెళ్ళకపోతే నాలుగు రోజులు మూతి ముడుచుకుంటారు, తర్వాత మరిచిపోతారు. చావుకి వెళ్ళకపోతే మాత్రం మనవలకి కూడా చెప్పుకుంటారు. అలాంటివాళ్ళకి చావు కబురు వస్తే వేలు ఆగుతుందా?

ఆగలేదు. నవంబరు మొదటి వారంలో ఎండుచేపల కొట్టు బాంగ్ ఒక్బున్ నొక్కింది.

ఒక్బున్‌కి అరవై తొమ్మిదేళ్ళు. మీరన్ కొట్టుకి ఎదురుకొట్టు. ముప్ఫై ఏళ్ళుగా బజారులో ఎవరు పోయినా మొదట వెళ్ళి, నడుముకి గుడ్డ కట్టుకుని, వచ్చినవాళ్ళకి పులుసు వడ్డించి, మూడో రోజు పొద్దున శవం కదిలాకే ఇంటికొచ్చే మనిషి. పిల్లల్లేరు. భర్త ఎనిమిది నెలలుగా వృద్ధుల ఆసుపత్రిలో మంచాన ఉన్నాడు. ఆయన ఇక లేవడని డాక్టర్లు చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. 'ఆయన బతికినన్నాళ్ళూ ఒంటరోడే, ఒక్క మాట ఎవరితోనూ కలిపేవాడు కాదు. పోయినప్పుడైనా గది నిండా మనుషులుండాలి. మన బజారోళ్ళొస్తే నాకంతే చాలు' అంది. మీరన్ ఆమె చెయ్యి పట్టుకుని, ఎందుకు రారక్కా, నువ్వెళ్ళని చావు ఏదైనా ఉందా అంది.

నొక్కిన రోజు మధ్యాహ్నం ఒక్బున్ ఫోను పట్టుకుని వీధి దాటి వచ్చింది. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"ఏమే మీరన్, బియ్యం కొట్టాయన వాళ్ళ నాన్న పోయాడంటే చూశానే. ఏదో దించుకోమంటే దించాను. ఇప్పుడు అందరూ నాకు ఫోన్ చేసి, మీ నాన్న పోయాడా అనడుగుతున్నారు. మా నాన్న పోయి నలభై ఏళ్ళయిందే!"

మీరన్ ఫోను లాక్కుని ముందు విమానం గుర్తు నొక్కి సిగ్నల్ ఆపేసింది. తన ఫోనుతో ఫోను మోసాల ఫిర్యాదులు తీసుకునే 118కి చేసింది, తర్వాత బ్యాంకుకి, తర్వాత ఫోను కంపెనీకి చేసి ఫోను మీద జరిగే కొనుగోళ్ళు ఆపించింది. కొట్టు పక్కవాళ్ళకి అప్పగించి, ఒక్బున్‌ని వెంటబెట్టుకుని ఫోన్లు బాగుచేసే కేంద్రానికి వెళ్ళి, మొత్తం తుడిపించి కొత్తదానిలా చేయించింది. దేవుడి దయవల్ల డబ్బు పోలేదు. కానీ అప్పటికే మూడు వందల చిల్లర నంబర్లకు చావు కబురు వెళ్ళిపోయింది. నూనె గానుగ ఆయన భార్య నొక్కింది. చెప్పుల కొట్టాయన నొక్కబోతుంటే కూతురు చేతిమీద కొట్టి ఆపింది. వాళ్ళ ఫోన్ల నుంచి ఇంకెన్ని వెళ్తాయో తెలియదు.

బస్సులో తిరిగొస్తూ మీరన్ గ్రూపు తెరిచింది. పొద్దున తను మళ్ళీ పెట్టిన పద్నాలుగు వరుసల హెచ్చరిక పక్కన ముప్ఫై ఒకటి. కింద ఎవరో మాపుల్ ఆకుల బొమ్మ పెట్టారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళకి మర్యాదగా చెబితే చెవికెక్కదు, రెండో వరుస కళ్ళకి ఆనదు. ఒక్క వరుసలో, ఒక్క పని చెప్పాలి. తెలిసిన పేరు ఉండాలి. పేరు లేని ప్రమాదానికి ఎవరూ భయపడరు.

"అక్కా, నీ పేరు పెట్టనా? నీ నంబరు కూడా?"

ఒక్బున్ కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. "పెట్టవే. పరువు పోతే పోయింది. నా వల్ల ఇంకొకళ్ళు మునిగిపోకూడదు."

మీరన్ రాసింది: 'బాంగ్ ఒక్బున్ ఫోను దొంగల చేతిలో ఉంది. ఆమె నంబరు ఇప్పుడే బ్లాక్ చెయ్యండి. అంతే.' ఫోన్ చేసి అడగండి అన్న మాట చేర్చబోయి ఆగింది. అది పెడితే రెండో వరుస అవుతుంది. తీసేసింది. బ్లాక్ ఎలా చెయ్యాలో ముసలివాళ్ళకి తెలియదు కాబట్టి, తన ఫోనులోనే ఒక్బున్ నంబరు తీసి, ఒక్కో మెట్టు నొక్కుతూ, ఎక్కడ నొక్కాలో ఎర్రగీతలు గీసి బొమ్మలు పెట్టింది.

నాలుగు నిమిషాల్లో అంకె మాయమైపోయింది. ఆరేళ్ళలో మొదటిసారి. చేశాను, నేనూ చేశాను, మా ఆయనదీ చేశాను అని వరసగా జవాబులొచ్చాయి. సంఘం అధ్యక్షుడు నమ్‌గుంగ్, గొంగళ్ళూ పరుపులూ అమ్మే ఆయన, ఎత్తిన బొటనవేలు బొమ్మ పెట్టి, 'మన కార్యదర్శి గారంటే మజాకానా!' అని రాశాడు. మీరన్ గర్వపడింది. అబద్ధమెందుకు, ఒక్బున్ పక్కనే కూర్చుని ఉండగా గర్వపడింది.

మరుసటి రోజునుంచి బజారు నోరు ఊరుకుంటుందా? ఒక్బున్ కొట్టు ముందు నుంచి పోతూ, "ఏం వదినా, ఈరోజు ఎవర్ని చంపుతున్నావ్?" అన్నాడు చెప్పులాయన. చేపలు కొనడానికొచ్చిన ఒకావిడ కార్డు ఇవ్వకుండా నోట్లే ఇచ్చి, "నీ మిషన్‌లో పెట్టాలంటే భయమమ్మా" అంది. ఒక్బున్ నవ్వేసింది. ఆ సాయంత్రమే గ్రూపులో, బూడిదరంగు చిన్న అక్షరాల్లో, 'బాంగ్ ఒక్బున్ వెళ్ళిపోయారు' అని పడింది. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

మీరన్ ఊరుకోలేదు, అలాగని పట్టుబట్టనూ లేదు. 'ఒక్బున్ గారి ఫోను పూర్తిగా బాగుపడింది, ఆమె నంబరు మళ్ళీ మామూలుగా వాడుకోవచ్చు, బ్లాక్ తీసేయగలరు, ఆమెను మళ్ళీ గ్రూపులో చేర్చుకుందాం, ఆమె తప్పేమీ లేదని గమనించగలరు' అని మర్యాదగా, పొడుగ్గా రాసింది. అంకె పంతొమ్మిది దగ్గర ఆగిపోయింది. నమ్‌గుంగ్, "కొన్నాళ్ళు పోనీండి కార్యదర్శి గారూ, జనం ఇంకా బెదురుతున్నారు" అన్నాడు. అప్పటికి చలికాలానికి కిమ్చి ఊరగాయ పెట్టే రోజులొచ్చేశాయి. బండ్లకొద్దీ క్యాబేజీలు, ఉప్పు, కారం. మీరన్ చేతులు ముంజేతుల దాకా ఎర్రబడ్డాయి. ఒక్బున్ రోజూ ఎదురుగానే కనబడుతోంది, కేకేస్తే పలుకుతుంది, ఫోనుతో పనేముంది? తన ఫోనులో తను పెట్టిన బ్లాక్ సంగతి ఆమెకు గుర్తే లేదు.

డిసెంబరు రెండో మంగళవారం ఒక్బున్ కొట్టు తెరవలేదు. ఆసుపత్రికెళ్ళి ఉంటుందనుకుంది మీరన్. అదే మధ్యాహ్నం గ్రూపులో నమ్‌గుంగ్ రాశాడు:

'జాగ్రత్త! ఒక్బున్ పేరుతో మళ్ళీ దొంగ సంతాప పత్రం తిరుగుతోంది. ఈసారి ఆమె మేనల్లుడినంటూ ఒకడు తెలియని నంబరు నుంచి నాకు అది పంపి, ఫోన్ కూడా చేశాడు. ఏడుపు గొంతు పెట్టాడండీ! నేను వాడికి గడ్డి పెట్టి ఫోన్ కట్ చేశాను. ఎవరూ నొక్కకండి, ఎవరూ ఎత్తకండి.'

అంకె మూడు నిమిషాల్లో పోయింది. బొటనవేళ్ళు బారులు తీరాయి. మీరన్ చెయ్యంతా కారం. మోచేత్తో తెర తుడిచి, తనూ ఒక బొటనవేలు పెట్టింది. నేర్చుకున్నారు, పోన్లే అనుకుంది. దొంగలు వదిలిపెట్టరు కదా, పాత పేర్లే మళ్ళీ వాడతారు అనుకుంది.

మరునాడు సాయంత్రం, బజారు దాదాపు కట్టేశాక, ఆమె షట్టరు దించుతుంటే కత్తులు సానపట్టే ప్యో ముసలాయన వచ్చాడు. ఎనభై రెండేళ్ళు. సంఘంలో లేడు, గ్రూపులో లేడు. ఆయనది మడతపెట్టే పాత ఫోను, అంకెలూ అక్షరాలూ తప్ప మరేమీ తెరవదు. నల్ల కోటు వేసుకున్నాడు. అది చావులకి వేసుకునే కోటు. మీరన్ షట్టరు సగంలో వదిలేసింది.

"ఛీ, మీరు మనుషులేనా?" అన్నాడు ఆయన.

"ఏమైంది తాతా?"

"ఏమైందా! నిన్నటినుంచి ఆ ఎండుచేపలమ్మాయి మొగుడి ఫోటో ముందు ఒక్కతే కూర్చుని ఉంది. పురుగైనా వచ్చి పలకరించలేదు. నూరు మందికి వండించిందట. గిన్నెలు గిన్నెలుగానే ఉన్నాయి. మీ అందరి ఇళ్ళలో శవం లేస్తే ఎంగిళ్ళు ఎత్తిందే ఆ పిల్ల! మీకు కాస్తయినా..."

"నీకెలా తెలిసింది తాతా?"

"మెసేజి పంపింది. కింద ఏవో గీతలున్నాయి, నా ఫోనులో అవి తెరుచుకోవు. పైన మాత్రం మా ఆయన పోయారు, ఫలానా ఆసుపత్రి, మూడో గది అని ఉంది. చదివాను, వెళ్ళాను. దానికి ఇంకేం కావాలి?"

ఆసుపత్రికి టాక్సీ ఎక్కగానే మీరన్ ఫోను బయటికి తీసింది. అందులో ఎక్కడో అడుగున, బ్లాక్ చేసిన మెసేజిలు పడే చోటు ఉంది. బజారంతటికీ బొమ్మలు గీసి చూపించిన మనిషికి ఆ చోటు వెతకడానికి పది నిమిషాలు పట్టింది. ఒక్బున్‌వి మూడు ఉన్నాయి. మొదటిది ఆసుపత్రివాళ్ళు తయారుచేసిచ్చే మామూలు సంతాప పత్రం, కింద నొక్కాల్సిన నీలిరంగు లింకు. నిజం చావుకైనా ఇప్పుడు అలాగే పంపుతారు. రెండోది: 'మీరన్, ఇది నేనే. పైదాన్ని నొక్కనక్కర్లేదు. మూడో గది. ఊరికే రా.' మూడోది ఆ రోజు పొద్దుటిది: 'నేను తప్పు చేశాను నిజమే. ఆయనేం చేశాడే?'

మీరన్ గట్టిగా ఏడ్చింది. టాక్సీ అతను రేడియో ఆపేశాడు.

ఆసుపత్రిలో చావుకి వచ్చేవాళ్ళ కోసం ఇచ్చే మూడో గదిలో తెల్ల చామంతుల మధ్య ఒక్బున్ భర్త ఫోటో ఉంది. ఎవరితోనూ మాట కలపని ఆ మనిషి ఫోటోలో కూడా పక్కకే చూస్తున్నాడు. చేతికి సంతాపపు గుడ్డపట్టీ కట్టుకుని మేనల్లుడు నిలబడ్డాడు. పక్క గదిలో పొడుగు బల్లలు, వాటిమీద పరిచిన తెల్ల కాగితం ముడత కూడా పడలేదు. మీరన్ ఫోటోకి రెండుసార్లు సాష్టాంగపడింది. లేచి ఒక్బున్ వైపు తిరిగింది.

"అక్కా, నేను... నా ఫోనులో కూడా..."

"తెలుసు. నువ్వు బ్లాక్ చేసేటప్పుడు నేను నీ పక్క సీట్లోనే ఉన్నాను కదే."

"తీయడం మర్చిపోయానక్కా. నన్ను కొట్టక్కా."

"కొడితే వస్తారా?" అంది ఒక్బున్. "తెల్లారి ఆరింటికి తీసుకెళ్ళిపోతారు. వాళ్ళని పిలువు. నీ మాటైతే వింటారు."

మీరన్ గ్రూపులో రాసింది: 'ఒక్బున్ అక్క భర్త నిజంగానే పోయారు. నేను ఇక్కడే ఉన్నాను. మూడో గది. అందరూ రండి.' ఫోటో ముందు నిలబడి తన ముఖం కూడా కనబడేలా బొమ్మ తీసి పెట్టింది. అంకె కరగడం మొదలైంది. నలభై ఒకటి, ముప్ఫై, పన్నెండు. చదువుతున్నారు! ఒక్బున్ పక్కకొచ్చి ఆ తెరలోకే చూస్తోంది.

నమ్‌గుంగ్ జవాబు పడింది.

'తక్ మీరన్ ఫోను కూడా దొంగల చేతిలో పడింది. ఆమె నంబరు ఇప్పుడే బ్లాక్ చెయ్యండి. అంతే.'

కింద ఎర్రగీతల బొమ్మలు. ఆమె గీసినవే. ఆ తర్వాత, చేశాను, నేనూ చేశాను, మా ఆయనదీ చేశాను.

మీరన్ నమ్‌గుంగ్‌కి ఫోన్ చేసింది. ఒక్కసారి కూడా మోగకుండా తెగిపోయింది. నూనె గానుగకి చేసింది, తెగిపోయింది. ఆసుపత్రి ఫోను నుంచి చెప్పులాయనకి చేస్తే ఎత్తాడు.

"నేనయ్యా, మీరన్‌ని! నా గొంతు గుర్తుపట్టవా?"

"గొంతు అచ్చం ఆవిడదే! భలే చేస్తార్రా మీరు. గొంతు కూడా దొంగిలిస్తారని మా కార్యదర్శి గారు ఎప్పుడో చెప్పారు. పెట్టెయ్ దొంగవెధవా."

ఇంతకాలం ఎవరూ చదవలేదనుకున్న పద్నాలుగు వరుసల్లో ఆ వరుసొక్కటి మాత్రం చదివి, దాచుకుని, ఈ రోజు తీశాడు మహానుభావుడు. ఇళ్ళకి పోయి తలుపులు కొడదామంటే ఎవరి ఇల్లు ఎక్కడో ఆమెకు సగం తెలియదు. ఆరేళ్ళుగా అన్ని మాటలూ ఆ తెరమీదే నడిచాయి.

గ్రూపులో ఆమె మాట పక్కన అంకె మాయమైంది. అందరూ చదివారు.

ఒక్బున్ ఆ జవాబులన్నీ చివరిదాకా చదివింది. కోపం లేదు ఆమె ముఖంలో, ఉంటే బాగుండునని మీరన్‌కి అనిపించింది.

"బాగా నేర్పావే," అంది ఒక్బున్. లేచి వెళ్ళి ఒక గిన్నెలో ఎర్రటి మాంసం పులుసు, అన్నం తెచ్చి ఆమె ముందు పెట్టింది. "తిను. నూరు మందిది ఉంది."

మీరన్ తిన్నది. తినకపోతే ఆమె ఇంకా బాధపడుతుంది. ప్యో ముసలాయన మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుని, రెండో గిన్నె అడిగి మరీ తిన్నాడు. ఆ రోజు బజారు పరువు కొంచెమైనా మిగిల్చింది ఆయనొక్కడే.

తెల్లవారి ఆరింటికి పెట్టె మోయడానికి ఆరుగురు కావాలి. మేనల్లుడు ఒకడు. శవాల బండి డ్రైవరు ఒకడు, ఆసుపత్రి పనివాళ్ళు ఇద్దరు. ప్యో తాత అయిదోవాడు, వద్దన్నా వినలేదు. ఆరో జత తెల్ల చేతితొడుగులు పట్టుకుని ఆసుపత్రి మనిషి గది నలువైపులా చూశాడు.

మీరన్ చెయ్యి చాచింది. ఆడవాళ్ళు మొయ్యరమ్మా అనబోయి, ఇంకెవరూ లేరని చూసి, అతను తొడుగులు ఇచ్చేశాడు. గోళ్ళ సందున ఇంకా పోని కారపు ఎరుపు వాటికింద కనబడకుండా పోయింది. ఒకటి, రెండు, మూడు అని ఎత్తారు. ఎనిమిది నెలలు మంచాన ఎండిపోయిన మనిషి, పెట్టె తేలిగ్గా లేచింది. వెనక ఒక్బున్ ఒక్కతే నడిచింది.